కీలో 1.25, లెక్కలో 400: వ్యాకోచత్వం బిట్ మీద ఒక విద్యార్థిని రాసిన లేఖ (కేస్ స్టడీ)

డిగ్రీ మొదటి సంవత్సరం, తెలుగు మాధ్యమం, సూక్ష్మ అర్థశాస్త్రం పేపరు. మొదటి ఇంటర్నల్‌లో ఒక్కో మార్కు చొప్పున 20 బిట్లు ఇచ్చారు. నెగెటివ్ మార్కులు లేవు. పరీక్షయ్యాక సోమవారం కీ నోటీసు బోర్డు మీదికి వచ్చింది. మార్కులు శుక్రవారం రిజిస్టర్‌లోకి ఎక్కాలి. కాలేజీ, ఊరు, సంవత్సరం ఇక్కడ చెప్పడం లేదు, ప్రశ్నలోని వస్తువు పేరు కూడా మార్చాం. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాం, ఎందుకంటే కేసంతా ఆ నాలుగు అంకెల్లోనే ఉంది.

గొడవ రెండు బిట్ల మీద.

7వ బిట్: ఒక పెన్ను ధర 10 రూపాయల నుంచి 8 రూపాయలకు తగ్గగా దాని డిమాండ్ 40 నుంచి 50కి పెరిగింది. డిమాండ్ ధర వ్యాకోచత్వం ఎంత? ఎ) 0.8 బి) 1 సి) 1.25 డి) 2

8వ బిట్: పై ధర తగ్గుదల వల్ల అమ్మకందారు మొత్తం రాబడి ఏమవుతుంది? ఎ) పెరుగుతుంది బి) తగ్గుతుంది సి) మారదు డి) చెప్పలేం

కీలో 7కి 'సి', 8కి 'ఎ' అని ఉంది. విద్యార్థిని 7కి 'బి', 8కి 'సి' పెట్టింది. రెండు మార్కులు పోయాయి.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది కీ తప్పా, పద్ధతి తేడానా

కీ మీద అభ్యంతరం అనగానే లేఖ ఎలా రాయాలన్న దగ్గర మొదలుపెడతారు చాలామంది. అసలు అభ్యంతరం ఏ రకందో తేల్చుకోకుండా కలం పట్టుకుంటే లేఖ ఎంత మర్యాదగా ఉన్నా నిలబడదు. కాబట్టి ఈ కేసులో మొదటి పని ఆ నాలుగు అంకెలను వీలున్న ప్రతి దారిలోనూ లెక్కకట్టి చూడడం.

వ్యాకోచత్వం అంటే ధర మారినప్పుడు డిమాండ్ ఎంతగా స్పందిస్తుందో చెప్పే కొలత. తరగతిలో బోర్డు మీద రాసిన సూత్రం E = (ΔQ/ΔP) × (P/Q). మొదటి ధర, మొదటి పరిమాణం తీసుకుంటే (10/2) × (10/40), అంటే 5 × 0.25, అంటే 1.25. గుర్తు రుణాత్మకమే అయినా ధర వ్యాకోచత్వంలో దాన్ని వదిలేసి చెప్పడం ఆనవాయితీ, దాని మీద ఎవరికీ పేచీ లేదు. కీలో ఉన్నది ఈ అంకే. అదే సూత్రంలో కొత్త ధర, కొత్త పరిమాణం పెడితే 5 × (8/50), అంటే 0.8. అది 'ఎ'. చాప పద్ధతిలో రెండు ధరల సగటు 9, రెండు పరిమాణాల సగటు 45 తీసుకుంటే 5 × (9/45), అంటే సరిగ్గా 1. అది 'బి'. ఇక మొత్తం ఖర్చు పద్ధతిలో ధర తగ్గక ముందు 10 × 40 = 400, తగ్గాక 8 × 50 = 400. ఖర్చు మారలేదు కనుక ఏకత్వ వ్యాకోచత్వం, అంటే మళ్లీ 1.

నాలుగు ఆప్షన్లలో మూడు ఏదో ఒక పద్ధతిలో వచ్చే అంకెలే. ఇది అనుకోకుండా జరిగింది కాదు. పేపరు తయారు చేసేవారు తప్పు ఆప్షన్లను గాల్లోంచి తీయరు. విద్యార్థి ఎక్కడ పొరబడతాడో ఊహించి ఆ అంకెలే పెడతారు. ఆ పొరపాటు దారుల్లో ఒకటి సిలబస్‌లోనే ఉన్న పద్ధతి అయినప్పుడే చిక్కు. మొత్తం ఖర్చు పద్ధతి, చాప పద్ధతి రెండూ అదే యూనిట్‌లో చెప్పినవే. విద్యార్థిని 1 పెట్టింది కూడా మొత్తం ఖర్చు పద్ధతిలోనే. 400, 400 చూడగానే ఇంకో లెక్క వేయాల్సిన పని కనిపించలేదు.

ఇక్కడ తేలింది ఏమిటంటే 7వ బిట్‌లో కీ తప్పు కాదు. ప్రశ్నలో పద్ధతి పేరు లేకపోవడం వల్ల రెండో జవాబుకు కూడా చోటు దొరికింది, అంతే. 8వ బిట్ సంగతి వేరు. అక్కడ పద్ధతి అన్న మాటే లేదు. రాబడి అంటే ధరను పరిమాణంతో గుణించడం. ఏ దారిలో వెళ్లినా 400, 400. అది నిఖార్సైన కీ తప్పు. బలం వేరు వేరుగా ఉన్న రెండు అభ్యంతరాలను ఒకే మూటగా కట్టడమే తర్వాత జరిగిన వైఫల్యాలన్నిటికీ మూలం.

చేసి చూసినవి, ఎందుకు కుదరలేదు

మొదటి ప్రయత్నం సోమవారం మధ్యాహ్నం, క్లాసు అయిపోయాక కారిడార్‌లో. "మేడమ్, ఏడో బిట్ కీ తప్పు మేడమ్, జవాబు ఒకటి వస్తుంది" అంది విద్యార్థిని. మేడమ్ నడుస్తూనే "ఫార్ములా వేసి చూడమ్మా" అన్నారు. ఆమె అక్కడే నోటుబుక్కులో వేసింది. 1.25 వచ్చింది. మాట అక్కడితో ఆగిపోయింది, ఎనిమిదో బిట్ దాకా వెళ్లనేలేదు.

ఇందులో మేడమ్ తప్పేమీ లేదు. "కీ తప్పు" అన్న మాటకు సహజంగా వచ్చే పరీక్ష కీలోని అంకె వస్తుందా రాదా అన్నదే. వస్తుంది. కాబట్టి ఆ మాట ఓడిపోతుంది. "ఇంకో జవాబు కూడా వస్తుంది" అన్నది వేరే మాట, దాన్ని నడుస్తూ చెప్పడం కష్టం. పైగా బలహీనమైన అభ్యంతరం ముందు పెట్టి బలమైనది వెనక దాచుకోవడం వల్ల రెండోదానికి వినేవారే లేకపోయారు.

రెండోది క్లాసు వాట్సాప్ గ్రూపులో. 'బి' పెట్టినవాళ్లందరూ కలిసి అడుగుదామన్న ఆలోచన. దీని మీద ఎక్కువ చెప్పాల్సిందేమీ లేదు. ఎంతమంది పెట్టారన్నది జవాబు సరైనదని చెప్పే ఆధారం కాదు, అడిగించుకునేవారికి అది ఒత్తిడిలా కనిపిస్తుంది. సాయంత్రానికి ఆ ఆలోచన వదిలేశారు.

మూడోది మొదటి చిత్తు ప్రతి. రెండు పేజీలు. అందులో మంచి విషయాలు చాలా ఉన్నాయి, కానీ లేఖకు పనికిరానివి అంతకంటే ఎక్కువ. మొదటి పేరా 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ వ్యాకోచత్వ భావనను ఎలా ప్రవేశపెట్టాడో చెప్పింది. రెండో పేరా చాప వ్యాకోచత్వం మీద 1930లలో అలెన్, లెర్నర్‌ల మధ్య జరిగిన చర్చకు వెళ్లింది. మూడో పేరాలో "కాబట్టి ప్రామాణిక పద్ధతి చాప పద్ధతే, 1.25 తప్పు" అన్న వాక్యం. దానికి రుజువుగా ఒక ఆన్‌లైన్ కాలిక్యులేటర్ స్క్రీన్‌షాట్ జతచేసింది. చివర "నాకు రావాల్సిన రెండు మార్కులు ఇప్పించగలరు".

ఒక్కొక్కటీ ఎందుకు దెబ్బతీస్తుందో చూడాలి. చరిత్ర పాఠం చెప్పిన మేడమ్‌కే పాఠం చెప్పినట్టుంటుంది, అసలు విషయం రెండో పేజీకి జారిపోతుంది. కాలిక్యులేటర్ 1 అని చూపించడం నిజమే. కానీ ఆ కాలిక్యులేటర్ లోపల ఉన్నది చాప పద్ధతి సూత్రమే. అంటే అది చాప పద్ధతి సరైనదని చెప్పడం లేదు, చాప పద్ధతిలో ఎంత వస్తుందో చెబుతోంది, అంతే. మేడమ్ మొదటి ధర ఆధారంగా లెక్కకట్టే ఇంకో కాలిక్యులేటర్ తెరిస్తే 1.25 చూపిస్తుంది. ఇక "1.25 తప్పు" అన్న వాక్యం కారిడార్‌లో ఓడిన మాటే, ఈసారి కాగితం మీద.

చివరి విన్నపం అన్నిటికంటే ఇబ్బందికరమైనది. కీ మారితే అందరికీ మారాలి, ఒక్కరికి మార్కులు ఇవ్వడానికి ఉండదు. "నాకు మార్కులు" అని రాసిన లేఖను మేడమ్ ఒప్పుకున్నా అమలు చేయలేరు. అడిగేది అవతలివారు చేయగలిగిన పని అయి ఉండాలి. అది కీని సరిదిద్దడం.

పెద్ద పోటీ పరీక్షల్లో దీనికి ఒక ఏర్పాటు ఉంది. ఈఏపీసెట్ లాంటి వాటిలో ప్రాథమిక కీ పెట్టి, గడువులోగా ఆధారాలతో అభ్యంతరాలు తీసుకుంటారు. జేఈఈ మెయిన్‌లో ఒక్కో ప్రశ్నకు 200 రూపాయలు కట్టి కీని సవాలు చేయవచ్చు. ఒక ప్రశ్నకు ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు సరైనవని తేలితే వాటిలో ఏది గుర్తించినవారికైనా మార్కులు ఇస్తారు. కాలేజీ ఇంటర్నల్‌కు అలాంటి ఫారమూ లేదు, ఫీజూ లేదు. ఉన్నది ఒక కాగితం, దాన్ని చదివే మనిషి. కానీ ఆ "ఏది గుర్తించినా మార్కు" అన్న పద్ధతి 7వ బిట్‌కు అచ్చంగా సరిపోతుంది. విన్నపం ఎలా ఉండాలో అక్కడి నుంచే దొరికింది.

8వ బిట్‌లో కీ ఎందుకు తప్పింది

లేఖ తిరగరాసే ముందు ఇంకో ప్రశ్న తేల్చుకోవాల్సి వచ్చింది. అనుభవమున్న లెక్చరర్ 400, 400 ఎందుకు గమనించలేదు? దీనికి జవాబు తెలియకపోతే లేఖలో గొంతు కొంచెం వెటకారంగా పలికే ప్రమాదం ఉంది. జవాబు తెలిస్తే కీ తయారు చేసినవారి ఆలోచన అర్థమవుతుంది, దాన్ని గౌరవిస్తూనే తప్పు చూపించవచ్చు.

ఆలోచన ఇలా సాగి ఉంటుంది. 7వ బిట్ జవాబు 1.25. అది 1 కంటే ఎక్కువ, అంటే సాపేక్ష వ్యాకోచ డిమాండ్. వ్యాకోచ డిమాండ్ ఉన్నప్పుడు ధర తగ్గితే రాబడి పెరుగుతుంది. ఇది ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్న నియమం. కాబట్టి 8కి 'ఎ'. ఎక్కడా అడుగు తడబడినట్టు కనిపించదు, అయినా జవాబు తప్పు.

ఆ నియమం చాలా చిన్న మార్పులకు సంబంధించినది. ఇక్కడ ధర 20 శాతం తగ్గింది, పరిమాణం 25 శాతం పెరిగింది. పైపైన చూస్తే 25లోంచి 20 తీసేస్తే రాబడి 5 శాతం పెరగాలి. కానీ రాబడి మారేది కూడికతో కాదు, గుణకారంతో. కొత్త ధర పాత ధరలో 0.8 వంతు, కొత్త పరిమాణం పాత పరిమాణానికి 1.25 రెట్లు. 0.8 × 1.25 = 1. అంటే 20 శాతాన్ని 25 శాతంతో గుణిస్తే వచ్చే 5 శాతం ఎక్కడో లెక్కలోంచి జారిపోయింది. కొత్తగా అమ్ముడైన ఆ 10 పెన్నులు కూడా 10 రూపాయలకు కాదు, 8 రూపాయలకే పోయాయి. ఒక్కోదాని మీద 2 రూపాయల చొప్పున 20 రూపాయలు. 400లో 20 అంటే సరిగ్గా ఆ 5 శాతమే.

మార్పు చిన్నదైతే ఈ జారిపోయేది కూడా పట్టించుకోనక్కర్లేనంత చిన్నది. ధర 1 శాతం తగ్గిందనుకుంటే, మొదటి ధర ఆధారంగా కట్టిన వ్యాకోచత్వం 1.01 దాటితే చాలు రాబడి పెరుగుతుంది. 10 శాతం తగ్గితే ఆ గీత 1.11 దగ్గరికి వెళుతుంది. 20 శాతం తగ్గితే అది 1 కాదు, 1.25. ఈ ప్రశ్నలో వచ్చిన 1.25 సరిగ్గా ఆ గీత మీద నిలబడింది. అందుకే రాబడి పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

అంటే 7వ బిట్‌లో 1.25 అన్న అంకె సరైనదే, 8వ బిట్‌లో దాని మీద ఆధారపడిన తీర్మానం మాత్రం నిలవదు. రెండూ ఒకేసారి నిజం కావడం మొదట వింతగా అనిపిస్తుంది. ఈ వివరణ అంతా లేఖలో పెట్టాలని విద్యార్థినికి ఉంది. పెట్టలేదు. 10 × 40, 8 × 50 అన్న రెండు గుణకారాలు ముగించిన వాదనకు మూడు పేరాల సిద్ధాంతం జోడిస్తే, చదివేవారు గుణకారాలను వదిలి సిద్ధాంతంతో వాదించడం మొదలుపెడతారు.

ఇంకో ఆకర్షణీయమైన వాదన కూడా ఇలాగే పక్కకు పెట్టాం. ఆ రెండు బిందువులను సరళరేఖతో కలిపితే డిమాండ్ Q = 90 − 5P అవుతుంది. ఆ రేఖ మీద ధర 9 దగ్గర 45 పెన్నులు అమ్ముడవుతాయి, రాబడి 405. అంటే 10 నుంచి 9కి దిగేటప్పుడు రాబడి 5 రూపాయలు పెరిగి, 9 నుంచి 8కి దిగేటప్పుడు ఆ 5 మళ్లీ పోతుంది. కీ తయారు చేసినవారి ఊహ మొదటి రూపాయి వరకు సరైనదే, రెండో రూపాయి దగ్గర తిరగబడింది. చాలా అందమైన లెక్క. కానీ ప్రశ్నలో రేఖ ఇవ్వలేదు, రెండు బిందువులే ఇచ్చారు. లేఖలో ఇది రాస్తే "సరళరేఖ అని నీకెవరు చెప్పారమ్మా" అన్న ఒక్క మాటతో లేఖ బలం సగం పోతుంది. ముఖాముఖి మాట్లాడే అవకాశం వస్తే చెప్పడానికి నోటుబుక్కులో ఉంచమన్నాం.

ఇచ్చిన లేఖ

బుధవారం ఉదయం ఇచ్చిన ప్రతి ఇది. ఒక పేజీ, చేతిరాత, ప్రశ్నపత్రం జిరాక్సు జతచేసి.

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారం.

విషయం: సూక్ష్మ అర్థశాస్త్రం మొదటి ఇంటర్నల్, 8వ, 7వ బిట్ల కీ పరిశీలన గురించి.

సోమవారం నోటీసు బోర్డులో పెట్టిన కీలో 8వ బిట్‌కు 'ఎ' (పెరుగుతుంది) అని ఉంది. ప్రశ్నలో ఇచ్చిన అంకెలతో లెక్కకడితే నాకు ఇలా వచ్చింది.

ధర తగ్గక ముందు రాబడి: 10 × 40 = 400 రూపాయలు
ధర తగ్గాక రాబడి: 8 × 50 = 400 రూపాయలు

రెండూ సమానంగా ఉన్నందువల్ల 'సి' (మారదు) సరైన జవాబని అనుకుంటున్నాను. ఎక్కడైనా పొరబడి ఉంటే దయచేసి చెప్పగలరు.

7వ బిట్‌కు కీలో 'సి' (1.25) ఉంది. మొదటి ధర, మొదటి పరిమాణం ఆధారంగా 25 శాతాన్ని 20 శాతంతో భాగిస్తే 1.25 వస్తుంది, ఆ లెక్క సరైనదే. అదే యూనిట్‌లో మీరు చెప్పిన మొత్తం ఖర్చు పద్ధతిలో చూస్తే ఖర్చు 400 దగ్గరే ఉంది కనుక వ్యాకోచత్వం 1 అవుతోంది. చాప పద్ధతిలో కూడా (10 ÷ 45) ÷ (2 ÷ 9) = 1 వస్తోంది. ప్రశ్నలో ఏ పద్ధతి వాడాలో ఇవ్వలేదు.

8వ బిట్ కీని 'సి'గా మార్చే విషయం, 7వ బిట్‌కు 'సి'తో పాటు 'బి'ని కూడా అంగీకరించే విషయం మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించే లోపు పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. నేను 7కి 'బి', 8కి 'సి' గుర్తించాను. మీకు వీలైన సమయంలో వచ్చి కలవగలను.

ఇట్లు,
మీ విద్యార్థిని
(పేరు, హాల్‌టికెట్ నంబరు)

8వ బిట్ ముందు ఎందుకో పైన చెప్పిందే. ఒప్పుకోక తప్పని విషయం మొదట ఒప్పుకుంటే, రెండోదాన్ని చదివే చూపు మారుతుంది. "ఆ లెక్క సరైనదే" అన్న మూడు మాటలు ఈ లేఖలో అన్నిటికంటే ఎక్కువ పని చేశాయని నా అంచనా. కీ అంకెకు దారేదో తనకు తెలుసని చూపించడం వల్ల "ఫార్ములా వేసి చూడమ్మా" అన్న జవాబుకు చోటు లేకుండా పోయింది.

7వ బిట్‌కు రెండు పద్ధతులు చూపించడం మొదట అనవసరమనిపించింది. చాప పద్ధతి వాక్యాన్ని కొట్టేద్దామనుకున్నాం కూడా. ఉంచడానికి కారణం మొత్తం ఖర్చు పద్ధతికి ఉన్న పేరున్న లోపం. అది వ్యాకోచత్వం 1 కంటే ఎక్కువా, తక్కువా, సమానమా అని రకం చెబుతుందే గానీ అంకె చెప్పదు. "ఎంత" అని అడిగిన ప్రశ్నకు ఆ పద్ధతి ఎలా వాడతావు అని మేడమ్ అడిగే వీలుంది. ఖర్చు మారనప్పుడు మాత్రం ఆ లోపం వర్తించదు, అక్కడ రకమే అంకె. అయినా అంకె నేరుగా ఇచ్చే ఇంకో పద్ధతి పక్కన ఉంటే ఆ వాదనకు దిగాల్సిన పనే ఉండదు. ఒక వాక్యం ఖర్చుతో ఒక పేచీ తప్పింది.

తాను ఏం గుర్తించిందో చెప్పడం మీద కొంత తర్జనభర్జన జరిగింది. స్వార్థంలా కనిపిస్తుందేమో అని విద్యార్థిని సందేహం. చెప్పకపోతేనే దాచినట్టుంటుంది, జవాబు పత్రం ఎలాగూ మేడమ్ దగ్గరే ఉంది. ఒక వాక్యంలో చెప్పి వదిలేయడం మంచిది.

ఏం జరిగింది

గురువారం స్టాఫ్ రూమ్‌లో పది నిమిషాలు మాట్లాడారు. 8వ బిట్ మీద చర్చే లేదు, మేడమ్ అప్పటికే జిరాక్సు మీద 'సి' అని రాసుకున్నారు. అడిగింది ఒక్కటే. "1.25 వ్యాకోచమే కదా, మరి రాబడి పెరగాలి కదమ్మా, ఎక్కడ తేడా వచ్చింది?" అది పరీక్షించే ప్రశ్నో, నిజంగా తెలుసుకోవాలని అడిగిందో చెప్పలేం. అప్పుడు నోటుబుక్కులోని సరళరేఖ బయటికి వచ్చింది. 9 రూపాయల దగ్గర 405 చూశాక "రూపాయి రూపాయి చూడాలన్నమాట" అన్నారు మేడమ్. లేఖలో పెట్టి ఉంటే వాదనకు దారితీసే లెక్క, ఆమె అడిగాక చెప్పినప్పుడు జవాబుగా పనికొచ్చింది.

7వ బిట్ అంత తేలిగ్గా తెగలేదు. మేడమ్ ఉద్దేశంలో ప్రశ్న "10 నుంచి 8కి" అని దిశ చెప్పింది కనుక మొదటి ధరే ఆధారం, 1.25 మొదటి జవాబు. ఆ మాటలో బలం ఉంది. చివరికి పద్ధతి పేరు రాయలేదన్న కారణంతో 'బి'కి కూడా మార్కు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, 1.25 తప్పు కాదన్న మాట మాత్రం నిలబెట్టుకున్నారు. లేఖ అడిగింది కూడా అంతే.

రెండు విషయాలు తర్వాత బయటపడ్డాయి. 7కి 'ఎ' పెట్టిన ఒక సహవిద్యార్థి 0.8 కూడా ఒప్పుకోవాలని వెళ్లాడు. అది కుదరలేదు, కుదరకపోవడమే సరి. 0.8 రావాలంటే 8 రూపాయల నుంచి 10కి పెరిగినట్టు లెక్కకట్టాలి, ప్రశ్న దానికి ఎదురు దిశ చెప్పింది. పద్ధతి పేరు లేదన్న వాదన ప్రశ్నలో ఉన్న మాటలను దాటి పోదు.

రెండోది కొంచెం నొప్పించే విషయం. 8కి 'ఎ' పెట్టినవారికి కొత్త కీతో ఒక మార్కు తగ్గింది. మార్కులు ఇంకా రిజిస్టర్‌లోకి ఎక్కలేదు కనుక దిద్దడం సాధ్యమైంది. శుక్రవారం దాటాక లేఖ వచ్చి ఉంటే ఇచ్చిన మార్కు వెనక్కి తీసుకోవాల్సి వచ్చేది, అలాంటప్పుడు సాధారణంగా ఎవరూ కీ ముట్టుకోరు. కీ మీద అభ్యంతరం ఉంటే నోటీసు బోర్డు మీదికి వచ్చిన రోజో మర్నాడో ఇవ్వాలి. ఈ కేసులో సోమ, మంగళవారాలు కారిడార్‌కీ వాట్సాప్‌కీ పోయినా ఇంకా రెండు రోజులు మిగిలాయి.

రెండో ఇంటర్నల్‌లో వ్యాకోచత్వం మీద మళ్లీ ఒక బిట్ వచ్చింది. ధర 20 నుంచి 16కి తగ్గితే డిమాండ్ 100 నుంచి 150కి పెరిగిందని ఇచ్చి, "చాప పద్ధతి ప్రకారం" అన్న మాట ముందే చేర్చారు. చాప పద్ధతిలో అది 1.8 వస్తుంది, మొదటి ధర ఆధారంగా 2.5. ఏ పద్ధతిలో చూసినా 1 కంటే ఎక్కువే. రాబడి 2000 నుంచి 2400కి చేరుతుంది. దాని కింద రాబడి ప్రశ్న కూడా ఉంది, దానికి కీ 'పెరుగుతుంది'.